మూడు ఆఫర్లు, నాలుగు కొలతలు: వెయిటేజీ పట్టిక వేసే పద్ధతి

(ఉద్యోగం మారాలనుకునే యువతీయువకుల కోసం విజయవాడలో ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కంపెనీలలో జీతాల నిర్మాణం చూసే విభాగంలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు ఉద్యోగం మారేవాళ్లకు సలహాలిస్తున్నాను. ఇవాళ ఒకే ఒక్క కేసు తీసుకుని దాన్ని చివరిదాకా లెక్క కడదాం. ఆ అమ్మాయి అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

అమ్మాయిది తెనాలి. డేటా ఇంజనీరు, నాలుగేళ్ల అనుభవం. చేతిలో మూడు ఆఫర్లు. బెంగళూరులో ఒక స్టార్టప్, ప్యాకేజీ 24 లక్షలు. హైదరాబాద్‌లో ఒక విదేశీ బ్యాంకు నడిపే టెక్నాలజీ కేంద్రం, 19 లక్షలు. విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఐటీ ఆఫీసరు ఉద్యోగం, అన్నీ కలిపి సుమారు 14 లక్షలు. నా దగ్గరికి వచ్చేటప్పటికే ఎక్సెల్‌లో పట్టిక వేసుకుని వచ్చింది. జీతానికి 40, ఎదుగుదలకు 30, స్థిరత్వానికి 20, ఊరికి 10 వెయిటేజీ ఇచ్చుకుంది. ప్రతి ఆఫర్‌కీ పదికి మార్కులు వేసింది. బెంగళూరుకు 7.3, హైదరాబాద్‌కు 5.6, విశాఖకు 3.6 వచ్చాయి. ఇంత తేడా ఉంటే ఇక ఆలోచించేదేముంది అనిపిస్తుంది కదా. కానీ తనకెందుకో మనసు ఒప్పడం లేదు, అందుకే వచ్చింది.

లెక్కలో కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేడా అంతా కూడికకు ముందే జరిగింది. మార్కు అంటే ఏమిటో, వెయిటేజీ అంటే ఏమిటో తేల్చుకోకుండా గళ్లు నింపేసింది. మీలో చాలామంది పట్టికలు కూడా అక్కడే దెబ్బతింటాయి కాబట్టి నా సమయమంతా దానికే ఇస్తాను.

ముందు జీతం కాలమ్ చూద్దాం. 24 లక్షలకు 10, 19 లక్షలకు 5, 14 లక్షలకు 0 వేసింది. సీటీసీ అనేది మీ మీద కంపెనీ పెట్టే ఖర్చు. మీకు అందేది వేరే అంకె. బెంగళూరు ఆఫర్ లెటరు విప్పితే 24 లక్షలలో నెలనెలా వచ్చే స్థిరమైన జీతం ఏడాదికి 17.5 లక్షలే. వేరియబుల్ పే 2.5 లక్షలు. మొదటి ఏడాది ఒక్కసారే ఇచ్చే జాయినింగ్ బోనస్ లక్షన్నర, ఏడాది లోపు మానేస్తే అది తిరిగి కట్టాలి. ఎప్పటికి సొమ్మవుతాయో తెలియని షేర్లు లక్షన్నర. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 70 వేలు, గ్రాట్యుటీ 30 వేలు. గ్రాట్యుటీ సాధారణంగా ఐదేళ్లు నిండితేనే చేతికొస్తుంది. స్టార్టప్‌లో ఐదేళ్లుంటానని తనే అనుకోవడం లేదు, కాబట్టి దాన్ని సున్నాగా తీసుకున్నాం. షేర్లనూ, ఒక్కసారి వచ్చే బోనస్‌నూ పక్కన పెట్టాం. వేరియబుల్ ఎంత వస్తుందని అక్కడ పనిచేసే ఇద్దరిని అడిగితే సగం వస్తే గొప్ప అన్నారు, అందుకని 1.25 లక్షలే కలిపాం.

అంటే ఏడాదికి 18.75 లక్షలు. 2025-26 కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోగా మిగిలిన 18 లక్షల మీద పన్ను, సెస్సు కలిపి సుమారు లక్షా 66 వేలు. ఆఫీసుకు దగ్గరలో ఒక్క బెడ్‌రూమ్ ఇంటికి నెలకు 34 వేలు అద్దె, ఏడాదికి దాదాపు 4.1 లక్షలు. ఇవి పోగా 13 లక్షలు. పీఎఫ్ వాటా మన సొమ్మే కాబట్టి కలిపితే 13.7 లక్షలు. ఇదే లెక్క హైదరాబాద్‌కు కడితే 14.2 లక్షలు, విశాఖకు 11.5 లక్షలు వచ్చాయి. హైదరాబాద్‌లో అద్దె నెలకు 22 వేలు, వేరియబుల్ కూడా చాలావరకు చేతికొస్తుంది. విశాఖ జీతానికి రిబేటు వల్ల పన్నే పడలేదు, అద్దె 14 వేలు.

కాగితం మీద 24 లక్షలున్న ఆఫర్ కంటే 19 లక్షలున్న ఆఫరే ఏడాదికి అరలక్ష ఎక్కువ మిగులుస్తోంది. నేనేదో తమాషా కోసం ఏరి తెచ్చిన అంకెలనుకోకండి. వేరియబుల్, జాయినింగ్ బోనస్, షేర్లు బాగా కలిపి కట్టిన ఏ ప్యాకేజీనైనా ఇలా విప్పి చూస్తే ఈ రకం తేడాలు బయటపడతాయి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అద్దెను ఇక్కడ తీసేశాం కాబట్టి ఊరి కాలమ్‌లో మళ్లీ ‘బెంగళూరు ఖర్చు ఎక్కువ’ అని మార్కు తగ్గించకూడదు. ఒకే లోపానికి రెండుసార్లు శిక్ష వేసినట్టవుతుంది.

ఇక మార్కుల సంగతి. ఉన్న మూడింటిలో పెద్దదానికి 10, చిన్నదానికి 0 వేయడం చాలామందికి అలవాటు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. ఇప్పుడు విశాఖ ఆఫర్ లేదనుకోండి. 14.2 లక్షలకు 10, 13.7 లక్షలకు సున్నా. నెలకు నాలుగు వేల తేడా పది మార్కుల తేడా అయిపోయింది! ఇంకోలా చూడండి. ఎక్కడో దుబాయ్‌లో 40 లక్షల ఆఫర్ వచ్చింది, తను వెళ్లదు, ఊరికే పట్టికలో చేర్చింది. అప్పుడు తన మొదటి పట్టికలో బెంగళూరు, హైదరాబాద్‌ల మధ్య 1.7 ఉన్న తేడా అరమార్కుకు పడిపోతుంది. ఆ రెండు ఉద్యోగాలలో ఏమీ మారలేదు. వెళ్లని ఉద్యోగం వచ్చి, వెళ్లబోయే ఉద్యోగాల మార్కులు మార్చేసింది.

అందుకే సున్నా అంటే ఏమిటో, పది అంటే ఏమిటో ఆఫర్లు చూడకముందే రాసిపెట్టుకోవాలి. తను ఇలా రాసుకుంది. జీతంలో సున్నా అంటే 9 లక్షలు, ఇప్పటి ఉద్యోగంలో తనకు మిగిలేది అంతే. పది అంటే 15 లక్షలు. ఎదుగుదలలో సున్నా అంటే మూడేళ్ల తర్వాత కూడా ఇదే పని, ఇవే టూల్స్. పది అంటే రెండేళ్లలో ఒక పూర్తి సిస్టమ్‌కు తనే బాధ్యురాలు కావడం, ఆ నైపుణ్యానికి బయట గిరాకీ ఉండడం. స్థిరత్వంలో సున్నా అంటే ఆరు నెలల్లో ఉద్యోగం పోయే అవకాశం కనిపిస్తోందని, పది అంటే రిటైరయ్యేదాకా ఢోకా లేదని. ఊరి విషయంలో తెనాలికి ఇంటి నుంచి ఇంటికి ఎన్ని గంటలు, రోజూ ఆఫీసుకు ఎంతసేపు అన్న రెండూ కలిపి చూసుకుంది.

ఇలా రాసుకోగానే ఒక విషయం బయటపడింది. ఊరి కాలమ్‌లో విశాఖకు మొదట్లో 9 మార్కులు వేసింది. ఎందుకమ్మా అంటే, ‘మన ఆంధ్రాలోనే కదండీ, అమ్మానాన్నలకు దగ్గర’ అంది. తెనాలి నుంచి విశాఖ దాదాపు 380 కిలోమీటర్లు, హైదరాబాద్ సుమారు 300. హైదరాబాదే దగ్గర! పైగా ఆ సంస్థలో దేశంలో ఎక్కడికైనా బదిలీ చేస్తామని నియామక పత్రంలో రాసి ఉంది. అయినా రోజూ ఆఫీసుకు వెళ్లిరావడం విశాఖలో చాలా సులువు కాబట్టి 6 దగ్గర ఆగింది. హైదరాబాద్‌కు 6, బెంగళూరుకు 3.

స్థిరత్వానికి మార్కు వేసేటప్పుడు కంపెనీ పేరు విని వేయకండి. ఇద్దరు చెప్పిన మాటల మీద కూడా వేయకండి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే దాని ఆడిట్ అయిన లెక్కలు కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి చూడొచ్చు. ఏడాది నష్టం ఎంత, చేతిలో ఉన్న నగదు ఎంత, ఆ నగదు ఎన్ని నెలలకు సరిపోతుంది అని చూడండి. ఆ లెక్కలు ఏడాది పాతవి అయివుండొచ్చు కాబట్టి ఇంకోటి కూడా చేయండి. ఈపీఎఫ్‌వో వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో వెతికితే ఏ నెలకు ఎంతమందికి పీఎఫ్ కట్టారో, ఏ తేదీన కట్టారో కనిపిస్తుంది. నెలనెలా ఆ సంఖ్య తగ్గుతూ ఉన్నా, కట్టే తేదీలు వెనక్కి జరుగుతూ ఉన్నా లోపల ఏదో జరుగుతోందని అర్థం. బెంగళూరు కంపెనీ విషయంలో ఆరు నెలలుగా తలల సంఖ్య తగ్గుతోంది. అందుకే 3. హైదరాబాద్‌కు 6, విశాఖకు 9.

మార్కులు వేసేటప్పుడు నిలువుగా వేయండి. అంటే ఒక ఉద్యోగం తీసుకుని నాలుగు గళ్లూ నింపేయకుండా, ముందు మూడు ఉద్యోగాలకూ జీతం మార్కులు, తర్వాత మూడింటికీ ఎదుగుదల మార్కులు అలా వెళ్లాలి. అడ్డంగా వెళితే మనసుకు నచ్చిన ఉద్యోగానికి తెలియకుండానే అన్నిట్లో ఒకటి రెండు మార్కులు ఎక్కువ పడతాయి. రోజుకో కాలమ్ చేస్తే ఇంకా మంచిది. 1772లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త ఒక ప్రభువు దగ్గర ఉద్యోగానికి వెళ్లాలా వద్దా అని బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను అడిగాడు. ఏం చేయాలో చెప్పలేను కానీ ఎలా తేల్చుకోవాలో చెబుతానంటూ ఫ్రాంక్లిన్ జాబు రాశాడు. కాగితాన్ని రెండుగా విభజించి, అనుకూలాలూ ప్రతికూలాలూ మూడు నాలుగు రోజుల పాటు తోచినప్పుడల్లా రాస్తూ పోవాలని, తర్వాత బరువు సమానంగా ఉన్నవాటిని ఇటూ అటూ కొట్టేసుకుంటూ రావాలని అందులో ఉంది. ఆ మూడు నాలుగు రోజులు అన్న మాట నాకు చాలా నచ్చుతుంది. అన్ని కారణాలూ ఒకేసారి మన కళ్లముందు ఉండవని ఆయన ఉద్దేశం.

ఇప్పుడు అసలైన చోటికి వచ్చాం, వెయిటేజీ. ‘నీకు జీతం ముఖ్యమా, ఊరు ముఖ్యమా?’ అని అడిగితే ఎవరైనా ఏదో ఒకటి చెప్తారు. కానీ ఆ ప్రశ్నకు అర్థం లేదు. ఎంత జీతానికి, ఎంత దూరానికి? జీతం నాకు ప్రాణం అనేవాడికైనా ఆఫర్ల మధ్య తేడా నెలకు వెయ్యి రూపాయలే ఉంటే జీతం ఆ నిర్ణయంలో దాదాపు లెక్కలోకి రాదు. వెయిటేజీ అనేది ఆ విషయానికి ఉన్న గొప్పతనాన్ని బట్టి వచ్చేది కాదు. మీ కొలబద్ద మీద సున్నా నుంచి పదికి వెళ్లడం మీకు ఎంత విలువైందో అదే దాని వెయిటేజీ. నిర్ణయాలు ఎలా తీసుకోవాలో అధ్యయనం చేసే రంగంలో పెద్ద పేరున్న వార్డ్ ఎడ్వర్డ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కూడా 1977లో ప్రతిపాదించిన పద్ధతిలో ప్రాముఖ్యతను మాత్రమే అడిగాడు. 1994లో హటన్ బారన్‌తో కలిసి రాసిన వ్యాసంలో అది తప్పని ఒప్పుకుని, కొలత హద్దులను చూపించి అడిగే పద్ధతికి మారాడు.

అడిగే తీరు ఇది. నాలుగింటిలోనూ సున్నా ఉన్న ఒక ఉద్యోగం ఊహించుకో. ఏడాదికి 9 లక్షలే మిగులుతాయి, ఎదుగుదల లేదు, ఊరు దూరం, రేపో మాపో పోయేలా ఉంది. వీటిలో ఒక్కదాన్ని మాత్రం పదికి తెచ్చుకోవచ్చు అంటే దేన్ని తెచ్చుకుంటావు? తను కాసేపు ఆలోచించి ఎదుగుదల అంది. దానికి 100 వేశాం. తర్వాత దేన్ని? జీతాన్ని, అంటే ఏడాదికి 6 లక్షలు ఎక్కువ మిగలడాన్ని. ఎదుగుదల విలువ 100 అయితే దీనిది ఎంత అంటే 80 అంది. స్థిరత్వానికి 60, ఊరికి 60. మొదటి పట్టికలో ఊరికి 10 శాతమే ఇచ్చిన అమ్మాయి, తండ్రికి ఒంట్లో బాగోలేనప్పుడు తెనాలి చేరడానికి రాత్రంతా పడుతుందా, సాయంత్రానికే చేరతానా అని కళ్లముందు పెట్టుకోగానే దాన్ని రెట్టింపు చేసింది. శాతాల్లో చెప్పాలంటే 33, 27, 20, 20.

ఈ పని మార్కులు వేయకముందే చేయాలి. ముందు కొలబద్దలు, తర్వాత వెయిటేజీలు, ఆఖరున మార్కులు. ఇక్కడ మీకు అర్థమయ్యేందుకు నేను వరస మార్చి చెప్పాను కానీ, చేసేటప్పుడు వెయిటేజీలు రాసి, తేదీ వేసి, ఇంట్లో ఎవరికైనా వాట్సాప్‌లో పంపేయండి. మార్కులు చూశాక వెయిటేజీ వేస్తే, నచ్చినదాన్ని గెలిపించేలాగే వేస్తారు.

ఎక్సెల్‌లో రెండో వరుస నుంచి నాలుగో వరుస వరకు మూడు ఉద్యోగాలు, B నుంచి E వరకు నాలుగు కొలతలు, ఆరో వరుసలో వెయిటేజీలు పెట్టుకోండి. F2లో ఈ సూత్రం రాసి కిందికి లాగితే చాలు:

```
=SUMPRODUCT(B2:E2,B$6:E$6)/SUM(B$6:E$6)
```

కింద మొత్తంతో భాగిస్తున్నాం కాబట్టి 100, 80, 60, 60 అలాగే పెట్టొచ్చు. వందకు సరిచేయాల్సిన పని లేదు.

మార్కులు ఇలా ఉన్నాయి. జీతం: బెంగళూరు 7.8, హైదరాబాద్ 8.7, విశాఖ 4.2. ఎదుగుదల: బెంగళూరు 8, హైదరాబాద్ 6, విశాఖ 3. స్థిరత్వం, ఊరు ఇందాక చెప్పాను. లెక్క కడితే హైదరాబాద్‌కు 6.7, బెంగళూరుకు దాదాపు 6, విశాఖకు 5.1. వరస తిరగబడింది. నిజాయితీగా ఒకటి చెప్పాలి. తన పాత వెయిటేజీలు అలాగే ఉంచి జీతం కాలమ్ ఒక్కటీ సరిచేసినా హైదరాబాదే ముందుకు వస్తుంది, 7.1కి 6.4. అంటే ఈ కేసులో వరస మారడానికి వెయిటేజీల కంటే జీతం లెక్కే ముఖ్య కారణం. నేను చూసిన చాలా పట్టికల్లో కూడా అంతే. కాబట్టి సమయం తక్కువుంటే ముందు ఆఫర్ లెటరు విప్పండి.

(సభలోంచి ఒక అబ్బాయి: సార్, 6.7కీ 6కీ తేడా నిజంగా తేడాయేనా?)

మంచి ప్రశ్న తమ్ముడూ. ఎదుగుదలకు 8 వేశాం, అది 7 కావచ్చు, 9 కావచ్చు. అందుకే తేడా అరమార్కు లోపు ఉంటే నేను సమానమనే అంటాను. ఇక్కడ 0.77 ఉంది. ఇది నిలబడుతుందా అని తెలుసుకోవాలంటే అంకెలను కదిపి చూడాలి. వెయిటేజీతో మొదలుపెడదాం. బెంగళూరు మెరుగ్గా ఉన్నది ఎదుగుదలలో ఒక్కటే. మిగతా మూడూ తమ నిష్పత్తిలోనే ఉంటూ ఎదుగుదల ఎంతకు పెరిగితే బెంగళూరు గెలుస్తుంది? లెక్క వేస్తే 52 శాతం. తనకు అది 33. ‘నా నిర్ణయంలో సగానికి పైగా ఎదుగుదలే’ అని నువ్వు అనగలవా అని అడిగితే, లేదండీ అంది. వెయిటేజీ గురించి వాదన అక్కడితో అయిపోయింది.

తర్వాత మార్కులు. బెంగళూరు ఎదుగుదలకు 8 బదులు పదికి పది వేసినా అది 6.61 దగ్గర ఆగుతుంది, హైదరాబాద్ 6.72. కాబట్టి బెంగళూరు పని ఎంత గొప్పదో ఇంకా ఆరా తీయడం వల్ల వరస మారదు. అదే హైదరాబాద్ ఎదుగుదల మార్కు 6 నుంచి 3.7 కంటే కిందికి పడిపోతే బెంగళూరు గెలుస్తుంది. ఆ 6 ఎలా వేసింది? హెచ్ఆర్ చెప్పిన మాటల మీద. అంటే ఈ పట్టిక మొత్తంలో సరిచూసుకోవాల్సిన గడి అదొక్కటే. నాకు పట్టిక విలువ ఇక్కడే కనబడుతుంది. ఎవరికి ఫోన్ చేసి ఏం అడగాలో అది చూపిస్తుంది.

తను ఆ టీమ్ మేనేజర్‌తో మాట్లాడించమని అడిగింది. ‘ఎదుగుదల ఎలా ఉంటుంది’ అని అడిగితే అందరూ బాగుంటుందనే అంటారు కాబట్టి, ‘ఈ పోస్టులో నాకు ముందు చేరినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు, మొదటి ఏడాది ఏ పని ఇస్తారు, రాత్రిపూట సపోర్టు డ్యూటీ నెలకు ఎన్ని వారాలు’ అని అడిగింది. పాత సిస్టమ్‌ను క్లౌడ్‌కు మార్చే పని మొదటి ఏడాదిన్నర ఉంటుందని, ముందు చేరినవాళ్లలో ఒకరు ఇప్పుడు ఆ భాగానికే లీడ్ అని తెలిసింది. మార్కు 5కు తగ్గించుకుంది. మొత్తం 6.4 అయింది. ఇప్పుడు బెంగళూరుతో తేడా అరమార్కు లోపే, నా లెక్కన సమానం. కానీ ఎదుగుదల తప్ప మిగతా మూడింటిలోనూ హైదరాబాదే మెరుగు, ఆ ఒక్కదానిలోనూ ఇప్పుడు తెలియనిదేమీ మిగల్లేదు. తను హైదరాబాద్‌కు సంతకం పెట్టింది.

(ఒక అమ్మాయి: బాండ్ రాయించుకునే కంపెనీ అయితే ఏ కాలమ్‌లో వేయాలండీ?)

ఏ కాలమ్‌లోనూ వేయకమ్మా. ఈ పట్టికలో ఒకచోట పోయిన మార్కును ఇంకోచోట సంపాదించుకోవచ్చు. కొన్నింటికి ఆ అవకాశం ఇవ్వకూడదు. రెండేళ్లు కదలకూడదన్న బాండ్ నువ్వు ఒప్పుకోలేనిదైతే, జీతం ఎంత ఉన్నా ఆ ఉద్యోగం పట్టికలోకే రాకూడదు. మన తెనాలి అమ్మాయికి ఇంటి లోను ఉంది, ఏడాదికి 9 లక్షల కంటే తక్కువ మిగిలితే కుదరదు. అది మార్కు తగ్గించే విషయం కాదు, గేటు దగ్గరే ఆపేసే విషయం. అలాంటివి రెండు మూడుకు మించి పెట్టుకోకండి. ఏడెనిమిది పెడితే పట్టికలో ఎవరూ మిగలరు.

(మరొకరు: శుక్రవారం లోపు ఒక ఆఫర్‌కు జవాబు చెప్పాలి, రెండోది ఇంకా రాలేదు. అప్పుడెలా?)

రాని ఆఫర్‌కు పూర్తి మార్కులు వేసి పోల్చకండి, అది ఇంకా మీది కాదు. ముందు గడువు ఓ వారం పొడిగించమని రాతపూర్వకంగా అడగండి, చాలా చోట్ల ఇస్తారు. ఇవ్వకపోతే, చేతిలో ఉన్నదాన్ని మీ ఇప్పటి ఉద్యోగంతో పోల్చండి. ఇప్పటి ఉద్యోగం కూడా పట్టికలో ఒక వరుసగా ఉండాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు. ఇప్పటిదాని కంటే ఒక మార్కుకు పైగా ఎక్కువుంటే ఒప్పుకోవచ్చు. కొలబద్దలు ముందే రాసిపెట్టుకున్నారు కాబట్టి రెండోది పది రోజుల తర్వాత వచ్చినా పాత మార్కులేవీ కదపక్కర్లేదు. కింద ఇంకో వరుస చేర్చి నాలుగు గళ్లు నింపితే చాలు.